నీటి లెక్క తప్పినప్పుడు: వాసోప్రెసిన్ అడుగంటినా, పొంగినా

రక్త పరీక్ష కాగితంలో సోడియం 153 అని ఉంటే ఒంట్లో ఉప్పు ఎక్కువైందనుకుంటాం. 123 అని ఉంటే ఉప్పు తగ్గిందనుకుంటాం. ఆ ప్రకారమే తిండిలో ఉప్పు తగ్గించడమో, పెంచడమో మొదలుపెడతాం. చాలామంది విషయంలో ఈ రెండు ఊహలూ తప్పే. చారు పొయ్యి మీద మరీ ఇగిరిపోతే ఉప్పగా ఉంటుంది, నీళ్ళు పోస్తే చప్పబడుతుంది. రెండుసార్లూ అందులో వేసిన ఉప్పు అంతే. సోడియం సంఖ్య కూడా ఎక్కువగా మనకు చెప్పేది ఒంట్లోని నీటి సంగతే.

ఆ నీటిని అదుపు చేసే హార్మోన్ పేరు వాసోప్రెసిన్ (మూత్రంలోకి పోబోయే నీటిని వెనక్కి లాగించే హార్మోన్). అది లోపిస్తే వచ్చేది డయాబెటిస్ ఇన్సిపిడస్, మన పాఠ్యపుస్తకాల్లోని అతిమూత్ర వ్యాధి. అవసరం లేకున్నా అది విడుదలవుతూ ఉంటే వచ్చేది దానికి సరిగ్గా ఎదురు స్థితి. పుస్తకాలు ఈ రెంటినీ వేర్వేరు జబ్బులుగా, పక్కపక్కన పట్టిక గీసి చెబుతాయి. కానీ పీయూష గ్రంథికి శస్త్రచికిత్స జరిగినప్పుడు, అరుదుగానే అయినా, ఒకే మనిషి పది రోజుల్లో ఈ రెండు స్థితుల్లోనూ పడతాడు. మొదటిదానికి ఇచ్చిన వైద్యం రెండోదాంట్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పది రోజులు ఎలా నడుస్తాయో తెలిస్తే ఈ విషయమంతా అర్థమైనట్టే.

ముందుగా కొలత సంగతి. రక్తంలోని ద్రవభాగాన్ని ప్లాస్మా అంటారు. అందులో కరిగి ఉన్న కణాల గాఢతే ఆస్మోలారిటీ (ఒక లీటరు ద్రవంలో ఎన్ని కణాలు కరిగి ఉన్నాయో చెప్పే లెక్క). ఆరోగ్యవంతుల్లో ఇది 280కీ 295కీ మధ్య ఉంటుంది. దీని ప్రమాణం మిల్లీఆస్మోల్. ఇకపై సంఖ్యలు మాత్రమే రాస్తాను. దీన్ని ఇంట్లో కూర్చుని కూడా లెక్కకట్టవచ్చు. సోడియంను రెండింతలు చేయాలి. దానికి గ్లూకోజ్‌ను 18తో భాగించి కలపాలి. బ్లడ్ యూరియాను 6తో భాగించి అదీ కలపాలి. సోడియం 140, గ్లూకోజ్ 90, యూరియా 30 ఉన్న మనిషికి 280కి ఒక 5, మరో 5 కలిపితే 290 వస్తుంది. ఇందులో సింహభాగం సోడియందే. అందుకే సోడియం సంఖ్యను చూస్తే ప్లాస్మా ఆస్మోలారిటీని దాదాపు చూసినట్టే.

ఈ సంఖ్యను కాపలా కాసే కణాలు మెదడు అడుగున హైపోథాలమస్‌లో ఉన్నాయి. ప్లాస్మా చిక్కబడితే ఆ కణాల్లోంచి నీరు బయటికి పోయి అవి కుంచించుకుపోతాయి. పలచబడితే ఉబ్బుతాయి. ఒక శాతం మార్పును కూడా అవి పసిగడతాయి. 60 కిలోల మగమనిషి ఒంట్లో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుంది. అందులో ఒక శాతం అంటే గ్లాసున్నర నీళ్ళు. ఆపాటి తేడాకే శరీరం స్పందిస్తుంది.

స్పందన రెండు దారుల్లో నడుస్తుంది. ఆస్మోలారిటీ 280–285 దాటగానే వాసోప్రెసిన్ విడుదల మొదలవుతుంది. ఇంకొంచెం పైకి వెళితే దాహం వేస్తుంది. ఈ వరుసలో ఒక తెలివి ఉంది. ముందు కిడ్నీ చేత నీటిని పొదుపు చేయించి, అది చాలకపోతేనే శరీరం మనల్ని నీళ్ళ కుండ దగ్గరికి పంపుతుంది.

వాసోప్రెసిన్ తయారయ్యేది హైపోథాలమస్‌లోని నాడీకణాల్లో. అక్కడి నుంచి ఆ కణాల పొడవైన తంతువుల గుండా జారి, పీయూష గ్రంథి వెనుక భాగానికి చేరి, అక్కడ నిల్వ ఉంటుంది. ఈ నిల్వ సంగతి గుర్తుంచుకోండి. ముందుముందు కథ మలుపు తిరిగేది దీనివల్లే.

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో అధిక భాగం వాసోప్రెసిన్ ప్రమేయం లేకుండానే రక్తంలోకి తిరిగొస్తుంది. మిగిలినది, దాదాపు పదో వంతు, బాగా పలచబడి చివరి నాళాలను చేరుతుంది. వాటిని సంగ్రహణ నాళాలు అంటారు. వాటి గోడలు మామూలుగా నీటిని దాటనివ్వవు. వాసోప్రెసిన్ వచ్చి ఆ గోడల్లోని కణాలను తాకితే, లోపల దాచి ఉంచిన ఆక్వాపోరిన్‌లు (నీటి అణువులు మాత్రమే దూరగల ప్రోటీన్ దారులు) పైకి వచ్చి గోడలో అమరుతాయి. అప్పుడు నీరు నాళంలోంచి బయటికి, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. హార్మోన్ తగ్గగానే ఆ దారులు మళ్ళీ కణం లోపలికి వెళ్ళిపోతాయి. ఆక్వాపోరిన్‌లను కనిపెట్టిన పీటర్ ఏగ్రీకి 2003లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇక్కడే ఒక చిన్న భాగహారం నేర్చుకోవాలి. మనం తిన్న అన్నం, పప్పు, ఉప్పుల నుంచి రోజుకు సుమారు 600 నుంచి 900 దాకా కణాల వ్యర్థం తయారవుతుంది. యూరియా, సోడియం, పొటాషియం వంటివి. దీన్ని కిడ్నీ బయటికి పంపి తీరాలి. ఎంత నీటిలో కలిపి పంపుతుందన్నది వాసోప్రెసిన్ నిర్ణయిస్తుంది. హార్మోన్ పూర్తిగా పనిచేస్తే మూత్రం 1200 దాకా చిక్కబడుతుంది. 600 కణాలకు అర లీటరు మూత్రం సరిపోతుంది. హార్మోన్ అసలు లేకపోతే మూత్రం 50 దాకా పలచబడుతుంది. అవే 600 కణాలకు 12 లీటర్లు కావాలి. అర లీటరుకూ 12 లీటర్లకూ మధ్య ఉన్నది ఈ ఒక్క హార్మోనే.

ఇప్పుడు ఒక రోగిని ఊహించుకుందాం. వయసు 35, బరువు 60 కిలోలు. పీయూష గ్రంథి కాడను ఆనుకుని గడ్డ పెరిగింది. ముక్కు ద్వారా పరికరాలు పంపి తొలగించారు. ఆపరేషన్‌కు ముందు సోడియం 140, ఆస్మోలారిటీ 290. కింద చెప్పే అంకెలు లెక్క సులువుగా ఉండేందుకు తీసుకున్నవి. క్రమం మాత్రం వైద్యులు నిజంగా చూసేదే.

గడ్డను వేరు చేసేటప్పుడు ఆ కాడలోని తంతువులు నలిగిపోయాయి, కొన్ని తెగాయి. కణాలు బతికే ఉన్నా అదిరిపోయి మూగబోయాయి. నిల్వలో హార్మోన్ ఉంది, విడుదల చెయ్యమనే సంకేతం రావడం లేదు. ఆపరేషన్ తర్వాత మొదటి, రెండో రోజుల్లో ఇది బయటపడుతుంది. మూత్రపు సంచి గంటకు 300 మిల్లీలీటర్ల పైన నిండుతూ పోతుంది. మూత్రం మంచినీళ్ళలా తెల్లగా ఉంటుంది.

ఇలా పోయిన ప్రతిసారీ అతిమూత్ర వ్యాధి అని తేల్చకూడదు. ఆపరేషన్ సమయంలో ఎక్కించిన సెలైన్లను శరీరం వదిలించుకుంటున్నప్పుడూ మూత్రం ఎక్కువే పోతుంది. ఆపరేషన్‌కు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల రక్తంలో చక్కెర పెరిగినా, ఆ చక్కెర నీటిని లాక్కుపోతుంది. తేడా తెలిసేది రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూస్తేనే. సెలైన్లు వదిలిపోతుంటే ప్లాస్మా చిక్కబడదు. చక్కెర వల్లయితే మూత్రంలో చక్కెర కనబడుతుంది, మూత్రం మరీ పలచగానూ ఉండదు. ప్లాస్మా చిక్కబడుతూ ఉంటే, అదే సమయంలో మూత్రం పలచగా ఉంటే, అది వాసోప్రెసిన్ లోపమే. ఒళ్ళు నీళ్ళకు అలమటిస్తుంటే కిడ్నీ నీటిని పారబోస్తోందన్నమాట.

మన రోగి ఆ 24 గంటల్లో 8 లీటర్లు మూత్రం పోశాడు. దాని ఆస్మోలారిటీ 90. గుణిస్తే 720 వస్తుంది. అంటే రోజువారీ వ్యర్థమే బయటికి పోయింది, దాన్ని మోసుకెళ్ళిన నీరు మాత్రం అయిదారింతలు. సగం మత్తులో ఉన్నాడు కాబట్టి దాహం చెప్పలేకపోయాడు. నోటి ద్వారా, సెలైన్ ద్వారా 5 లీటర్లే లోపలికి వెళ్ళింది. చెమటలో, ఊపిరిలో పోయే నీటికి తిండిలోంచి వచ్చే నీరు దాదాపు సరిపోతుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. లోటు 3 లీటర్లు. ఒంట్లో నీరు 36 నుంచి 33కు తగ్గింది. ఉప్పు అంతే ఉందనుకుంటే 140ని 36తో గుణించి 33తో భాగించాలి. దాదాపు 153 వస్తుంది. ప్లాస్మా ఆస్మోలారిటీ 316 చేరుతుంది. మెదడు కణాల్లోంచి నీరు బయటికి పోయి చిరాకు, మగత, కండరాల అదురు మొదలవుతాయి.

అదే మనిషి పూర్తి తెలివిలో ఉండి, చేతికి అందేలా నీళ్ళు ఉంటే ఏమయ్యేది? 8 లీటర్లు పోతే దాదాపు 8 లీటర్లూ తాగేవాడు. సోడియం 142 దగ్గరో 145 దగ్గరో నిలబడేది. అతిమూత్ర వ్యాధి ఉన్నవారు చాలామంది డాక్టర్ దగ్గరికి నడిచి వచ్చినప్పుడు రక్త పరీక్ష దాదాపు మామూలుగా ఉండటానికి కారణం ఇదే. దాహమే వాళ్ళను నిలబెడుతుంది. ఆ దాహం తీర్చుకునే వీలు పోయినప్పుడే గండం. మత్తులో ఉన్నవారు, పసిపిల్లలు, మంచం పట్టిన వృద్ధులు ఈ జాబితాలో ఉంటారు. 2009లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో, ఈ వ్యాధి ఉన్న 22 ఏళ్ళ యువకుడు తుంటి ఆపరేషన్ తర్వాత తన రోజువారీ మందు అందక, నీటి లోటుతో చనిపోయాడు. దాహం తట్టుకోలేక మంచం మీంచే పోలీసులకు ఫోన్ చేశాడు. ఈ వ్యాధికి రక్తంలోని చక్కెరతో ఏ సంబంధమూ లేదు. పేరులో డయాబెటిస్ ఉండటంతో ఆసుపత్రుల్లో కూడా దీన్ని షుగర్ జబ్బుగా పొరబడుతున్నారని, 2022లో అంతర్జాతీయ హార్మోన్ నిపుణుల సంఘాలు కలిసి దీనికి కొత్త పేరు ప్రతిపాదించాయి. ఇప్పుడు దీన్ని ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం అంటున్నారు. హార్మోన్ ఉన్నా కిడ్నీ దానికి స్పందించని రకం ఇంకొకటి ఉంది. లిథియం మందును ఏళ్ళ తరబడి వాడినవారిలో కనిపించేది అది. దాన్ని వాసోప్రెసిన్ నిరోధకత అంటున్నారు.

మన రోగికి నీటి లోటు పూడ్చారు. డెస్మోప్రెసిన్ ఇచ్చారు. ఇది వాసోప్రెసిన్‌కు కొద్దిపాటి మార్పుతో ప్రయోగశాలలో తయారైన రూపం. ముక్కులో కొట్టుకునే స్ప్రేగా, మాత్రగా, ఇంజెక్షన్‌గా దొరుకుతుంది. మూత్రం తగ్గింది, సోడియం నెమ్మదిగా 140కి దిగింది. మంచి సర్జన్ ఈ దశలో మందును గడియారం చూసి ఇవ్వడు. మళ్ళీ పలచటి మూత్రం మొదలైతేనే తర్వాతి మోతాదు ఇస్తాడు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

అయిదో రోజో ఆరో రోజో పరిస్థితి తిరగబడుతుంది. కాడలో తెగిన తంతువులు అప్పటికి కుళ్ళి విచ్చుకుపోతాయి. పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉన్న హార్మోన్ కారడం మొదలవుతుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఆపే అధికారం ఉన్న కణాలతో తెగతెంపులైపోయింది. ప్లాస్మా ఆస్మోలారిటీ ఎంతున్నా ఆ హార్మోన్ రక్తంలోకి వస్తూనే ఉంటుంది. ఇది సాధారణంగా కొద్ది రోజులు, ఒక్కోసారి వారం పైన కూడా సాగుతుంది.

మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు కనబడేది మాత్రం వేరు. పోయిన వారం సంచులు సంచులుగా పోయిన మూత్రం ఇప్పుడు రోజుకు లీటరుకు తగ్గింది. ‘జబ్బు నయమైంది’ అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. డిశ్చార్జ్ చేసి ఇంటికి పంపేదీ చాలాచోట్ల ఈ రోజుల్లోనే. ‘నీళ్ళు బాగా తాగించండి’ అన్న పాత సలహా ఇంకా చెవుల్లో మోగుతూ ఉంటుంది. కొబ్బరి నీళ్ళు, మజ్జిగ, పళ్ళరసాలు వరసగా అందుతుంటాయి.

లెక్క వేద్దాం. రోజుకు 3 లీటర్లు తాగుతున్నాడు. మూత్రం 650 గాఢత దగ్గర బిగుసుకుపోయింది. రోజుకు 650 కణాల వ్యర్థానికి ఒక్క లీటరు మూత్రమే వస్తుంది. ఆరోగ్యవంతుడైతే నీళ్ళు ఎక్కువ తాగగానే వాసోప్రెసిన్ ఆగిపోతుంది. మూత్రం 80కి పలచబడుతుంది, అవే కణాలు 8 లీటర్లను బయటికి తీసుకుపోగలవు. ఇతనిలో ఆ సర్దుబాటు లేదు. తాగిన మిగతా 2 లీటర్లు లోపలే ఉంటాయి. రెండు రోజులకు 4 లీటర్లు. ఒంట్లో నీరు 40 లీటర్లయింది. సోడియం 126కు, ఆస్మోలారిటీ 260 చుట్టుపక్కలకు పడిపోయింది.

ఇంత నీరు ఒంట్లో చేరితే కాళ్ళు వాయాలి కదా అనిపిస్తుంది. వాయవు. చేరిన నీటిలో సుమారు మూడింట రెండు వంతులు కణాల లోపలికి సర్దుకుంటుంది. బయట మిగిలిన కొద్దిపాటి పెరుగుదలను గుండె, కిడ్నీలు గుర్తించి మూత్రంలోకి సోడియంను వదిలేస్తాయి. అందుకే వాపు ఉండదు, రక్తపోటు పెద్దగా మారదు, మూత్రంలో సోడియం మాత్రం ధారాళంగా కనిపిస్తుంది. ఇలా కొంత ఉప్పు పోవడంతో రక్తంలో సోడియం 126 నుంచి ఇంకాస్త దిగి 123కో అంతకంటే కిందికో చేరుతుంది. ఈ స్థితిని 1957లో విలియం ష్వార్ట్జ్, ఫ్రెడరిక్ బార్టర్ తమ సహచరులతో కలిసి ఊపిరితిత్తుల కేన్సర్ ఉన్న ఇద్దరు రోగుల్లో వర్ణించారు. అక్కడ హార్మోన్‌ను అదుపు లేకుండా విడుదల చేసింది కేన్సర్ గడ్డ. న్యుమోనియా, మెదడు పొరల వాపు, మూర్ఛకు వాడే కార్బమజెపైన్, దిగులుకు వాడే కొన్ని మాత్రలు కూడా ఇదే స్థితిని తేగలవు. కారణాలు వేరైనా నీటి లెక్క ఒక్కటే.

దీని గుర్తు మొదటి దశకు సరిగ్గా తిరగేసి ఉంటుంది. ప్లాస్మా పలచగా ఉంటే మూత్రం కూడా పలచగా ఉండాలి, 100 కంటే కిందికి దిగాలి. అలా కాక మూత్రం చిక్కగా ఉంటే వాసోప్రెసిన్ పనిచేస్తోందని అర్థం. మూత్రం పరిమాణం ఒక్కటే చూసినా, సోడియం ఒక్కటే చూసినా దారి తప్పుతాం. రెండు ఆస్మోలారిటీలనూ ఒకే వేళ తీసి చూడాలి. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

అయితే వాసోప్రెసిన్ పొంగిందని రాసేముందు వైద్యులు ఇంకొకటి చూడాలి. పీయూష గ్రంథి ముందు భాగం కూడా దెబ్బతిని ఉంటే కార్టిజోల్ (ఒత్తిడిని తట్టుకునేందుకు అడ్రినల్ గ్రంథి ఇచ్చే హార్మోన్) పడిపోతుంది. కార్టిజోల్ తగ్గితే కిడ్నీ నీటిని వదలలేదు. అప్పుడూ సోడియం పడిపోతుంది, చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అక్కడ నీళ్ళు తగ్గిస్తే ఉపయోగం లేదు, హైడ్రోకార్టిజోన్ ఇవ్వాలి. ఇదే కారణం వల్ల కార్టిజోల్ లోపం అతిమూత్ర వ్యాధిని దాచిపెట్టగలదు కూడా. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మర్నాడే మూత్రం వరదలా మొదలైతే, మందు పడలేదని భయపడనక్కర్లేదు. దాగి ఉన్న లోపం బయటపడిందంతే.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, మాట తడబడటం. పలచబడ్డ రక్తం తొలి హెచ్చరికలు ఇవి. ముక్కు ద్వారా ఆపరేషన్ అయిన మనిషికి తలనొప్పి మామూలేలే అని వీటిని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. పలచటి రక్తంలోంచి నీరు మెదడు కణాల్లోకి వెళ్ళి అవి ఉబ్బుతాయి. పుర్రె గట్టిది, చోటు ఇవ్వదు. ఒత్తిడి పెరిగి ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది. సోడియం ఎంతకు పడిందన్నదాంతోపాటు ఎంత వేగంగా పడిందన్నదీ ముఖ్యమే. నెలల తరబడి మెల్లగా దిగితే మెదడు కణాలు తమలోని కొన్ని పదార్థాలను బయటికి పంపి ఉబ్బు తగ్గించుకుంటాయి. ఆ సర్దుబాటు నిలదొక్కుకోవడానికి దాదాపు రెండు రోజులు పడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతే ఆ వ్యవధి దొరకదు.

ఇక్కడ మంచి ఉద్దేశంతోనే జరిగే పొరపాటు ఒకటుంది. సోడియం తగ్గింది కాబట్టి మామూలు సెలైన్ ఎక్కిద్దాం అనుకోవడం. ఒక లీటరు మామూలు సెలైన్‌లో 308 కణాలు ఉంటాయి. మన రోగి కిడ్నీ 616 గాఢతతో మూత్రం పోస్తోందనుకుందాం. ఆ 308 కణాలనూ అది అర లీటరు నీటిలోనే బయటికి పంపేస్తుంది. ఉప్పంతా పోయింది, సెలైన్‌లోని మిగతా అర లీటరు నీరు ఒంట్లో ఉండిపోయింది. ఉప్పు ఎక్కించామనుకున్నాం, చివరికి ఎక్కింది ఉత్త నీళ్ళు. సెలైన్ ఎక్కిస్తున్నా సోడియం పడుతోందంటే ఈ లెక్కే కారణం.

అందుకే లక్షణాలు తీవ్రంగా లేనప్పుడు చేయవలసింది నీళ్ళు తగ్గించడం. మజ్జిగ, కాఫీ, చారుతో సహా అన్నీ కలిపి రోజుకు లీటరు లోపు. డెస్మోప్రెసిన్ ఆపేయాలి. ఫిట్స్ వచ్చినా, స్పృహ తగ్గినా ఆగకూడదు. 3 శాతం సెలైన్‌ను 100 లేక 150 మిల్లీలీటర్ల చొప్పున త్వరగా ఎక్కిస్తారు. దాని గాఢత కిడ్నీ పోసే మూత్రం కంటే ఎక్కువ కాబట్టి పై చిక్కు రాదు. సోడియం 4 నుంచి 6 దాకా పెరిగితే మెదడు ఒత్తిడి తగ్గి అపాయం తప్పుతుంది. అక్కడ నిదానించాలి. 24 గంటల్లో పెరుగుదల మొత్తం 8 దాటకుండా చూడటం సురక్షితం. పలచబడ్డ రక్తానికి అలవాటు పడిన మెదడును ఒక్కసారిగా చిక్కటి రక్తంలో ముంచితే నాడీ తంతువుల పైపొర దెబ్బతింటుంది. కొన్ని రోజులకు మాట, మింగడం, కాళ్ళు చేతులు కదపడం పోవచ్చు. ఆ నష్టం అన్నిసార్లూ పూడదు.

ఈ జాగ్రత్తకు మన రోగి విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. నిల్వ ఉన్న హార్మోన్ ఎంతో కొంతే కదా. అది కారి కారి ఒకనాటికి అయిపోతుంది. అప్పుడు మూడో దశ వస్తుంది, తరచుగా చెప్పాపెట్టకుండా. రాత్రి 8 గంటలకు గంటకు 40 మిల్లీలీటర్లు పోస్తున్న మనిషి అర్ధరాత్రికి 400 పోయవచ్చు. ఒంట్లో చేరిన నీరంతా ఒక్కసారిగా బయటికి పరుగెత్తుతుంది. సోడియం ఎవరూ ఎక్కించకుండానే తనంతట తాను దూసుకుపోతుంది. పగలు ఇచ్చిన 3 శాతం సెలైన్ దీనికి తోడైతే 8 గీత తెల్లవారేలోపే దాటిపోతుంది. అందుకే ఈ దశలో సోడియంను కొన్ని గంటలకొకసారి చూస్తూ, మూత్రం పెరగడం కనబడగానే మళ్ళీ డెస్మోప్రెసిన్ ఇస్తారు. నిన్న మానేయాల్సిన మందే నేడు అవసరమవుతుంది.

వాసోప్రెసిన్ తయారుచేసే కణాల్లో 80–90 శాతం నశిస్తేనే మూడో దశ శాశ్వతమవుతుంది. అంతకంటే తక్కువ నశిస్తే మనిషి కోలుకుంటాడు. నిజానికి మూడు దశలూ వరసగా చూసే రోగులు తక్కువమంది. కొందరికి మొదటిది వచ్చి నాలుగైదు రోజుల్లో పోతుంది. ఇంకొందరికి మొదటిదీ మూడోదీ లేకుండా మధ్య దశ ఒక్కటే వస్తుంది. కాడలో కొన్ని తంతువులే దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది. మిగిలిన కణాలు రోజువారీ పనికి చాలతాయి కాబట్టి అతిమూత్రం కనబడదు. చచ్చిన వాటిలోంచి కారిన హార్మోన్ మాత్రం సోడియంను కిందికి లాగుతుంది. నా దృష్టిలో ఎక్కువ భయపడాల్సింది ఈ రకానికే. ఎందుకంటే ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అంతా సవ్యంగా ఉంటుంది, ఇంటికి వెళ్ళాక ఏడో రోజు చుట్టుపక్కల పడగొడుతుంది. ఈ ఆపరేషన్ తర్వాత రోగులు మళ్ళీ ఆసుపత్రిలో చేరడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. అందుకే పలు ఆసుపత్రులు మొదటి వారం, రెండు వారాలు తాగే ద్రవాలను లీటరు, లీటరున్నరకు పరిమితం చేసి, ఏడో రోజున సోడియం పరీక్ష తప్పనిసరి చేశాయి. ఖర్చు తక్కువ, చేయడం తేలిక. మిగతా చోట్లా ఇది రావాలి.

శాశ్వత లోపం మిగిలినవారు డెస్మోప్రెసిన్‌తో మామూలుగా బతుకుతారు. వాళ్ళకు ఉన్న ప్రమాదం మందు చాలకపోవడం కంటే మందుతోపాటు అలవాటుగా నీళ్ళు తాగేయడం. మందు పనిచేస్తున్నంతసేపూ కిడ్నీ రెండో దశలోని కిడ్నీలాగే నీటిని వదలదు. కాబట్టి దాహమేస్తేనే తాగాలి. వారానికి ఒకటి రెండుసార్లు ఒక మోతాదును కాస్త ఆలస్యం చేసి, పలచటి మూత్రం ధారాళంగా పోయాక వేసుకోమని వైద్యులు చెబుతారు. ఎక్కువైన నీరు అలా పోతుంది. ఇది వైద్యుల సలహాతోనే చేయాలి.

మీ ఇంట్లో ఎవరికైనా పీయూష గ్రంథి ఆపరేషన్ జరిగితే మొదటి రెండు వారాలు ఒక పుస్తకంలో మూడు అంకెలు రాయండి. తాగిన ద్రవాలు, పోసిన మూత్రం, పొద్దున్నే పరగడుపున చూసిన బరువు. లీటరు నీరు కిలో బరువు. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆ రెండు లీటర్లూ లోపలే ఉన్నాయని అర్థం. రెండు కిలోలు తగ్గి దాహం ఆగకపోతే అవి బయటికి పోయాయని అర్థం. డిశ్చార్జ్ రోజున ఏడో రోజు సోడియం పరీక్ష ఎక్కడ చేయించాలో, ఫలితం ఎవరికి చూపించాలో అడిగి రాయించుకోండి. తలనొప్పి, వాంతి, మాట తడబాటు కనిపిస్తే ఆ ఏడో రోజు కోసం ఎదురుచూడకండి, ఆ పూటే సోడియం చూపించండి.